జాకెట్ మీద నీళ్లు జారడం ఎందుకు మానేస్తాయి, స్కూలు బ్యాగుకు స్ప్రే పనిచేస్తుందా?

ప్రశ్న: రెండేళ్ల కిందట కొన్న వర్షం జాకెట్ మీద మొదట్లో నీళ్లు బొట్లుబొట్లుగా జారిపోయేవి. ఇప్పుడు భుజాల దగ్గర, మెడ దగ్గర బట్ట తడిసి ముద్దవుతోంది. మా అమ్మాయి స్కూలు బ్యాగులో పుస్తకాలు కూడా తడుస్తున్నాయి. ఉతికితే పూత పోతుందని ఒకరు, ఉతికితేనే తిరిగి వస్తుందని ఇంకొకరు, స్ప్రే కొడితే రెండూ బాగవుతాయని మరొకరు అంటున్నారు. ఏది నిజం? ఇంట్లో చేసుకోవచ్చా?

జవాబు:

మొదటి ఇద్దరి మాటా నిజమే, మూడో వారి మాట సగమే నిజం. మీ జాకెట్‌ను ముందు సరిగ్గా ఉతకండి, తర్వాత వేడి పట్టించండి, ఆ రెండూ అయ్యాక కూడా బట్ట తడుస్తుంటేనే స్ప్రే కొనండి. ఇదంతా ఇంట్లో ఒక ఆదివారం పూట చేసుకోగలిగిన పని. బ్యాగుకు మాత్రం స్ప్రే మీద డబ్బు పెట్టకండి. అక్కడ నీళ్లు లోపలికి వచ్చే దారి చాలావరకు వేరే ఉంటుంది.

నేను బట్టల ఫినిషింగ్ యూనిట్ ల్యాబులో పనిచేసి వచ్చినవాడిని. ఇప్పుడు హైదరాబాద్‌లో ట్రెక్కింగ్ సామాను, బ్యాగులు బాగుచేసే చిన్న దుకాణం నడుపుతున్నాను. వానాకాలం వస్తే మీ ప్రశ్నే రోజూ వినిపిస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

జాకెట్‌లో నీటిని ఆపేవి మూడు ఉంటాయి. బయటి బట్ట పోగుల మీద ఉండే పూత ఒకటి, దాని వెనక అతికించిన పలుచని పొర ఒకటి, కుట్ల మీద లోపలివైపు అతికించిన టేపు ఒకటి. మీరు చెప్పిన బొట్లుబొట్లుగా జారడం మొదటిదాని పని. నిజంగా నీటిని అడ్డుకునేది రెండోది. దుకాణాల్లో ఈ రెండింటినీ కలిపి వాటర్‌ప్రూఫ్ అనే ఒక్క మాటతో అమ్మేస్తారు. అందుకే పై పూత పోయిందా, లోపలి పొర పోయిందా అన్నది తేల్చుకోకుండానే జనం స్ప్రే డబ్బాలు కొంటారు.

పై పూతను మిల్లులో ఎలా వేస్తారో తెలిస్తే అది ఎలా పోతుందో సులువుగా అర్థమవుతుంది. బట్టను రసాయనం కలిపిన నీటి తొట్టిలో ముంచి, రెండు రోలర్ల మధ్య పిండి, ఆరబెట్టి, స్టెంటర్ అనే పొడవాటి యంత్రంలో 150 నుంచి 170 డిగ్రీల వేడి దగ్గర పట్టిస్తారు. ఆ రసాయనం పోగుల మధ్య సందులను పూడ్చదు. ఒక్కో పోగును విడివిడిగా, కంటికి కనిపించనంత పలుచగా చుట్టుకుంటుంది. అందుకే గాలి ఆడుతుంది. అందుకే ఒత్తిడి పడితే నీళ్లు ఆ సందుల గుండా దూరిపోతాయి కూడా. పూత చేసే పనల్లా నీటిబొట్టును పోగుకు అంటుకోనివ్వకపోవడమే. పూతలోని అణువుల తోకలు పోగు మీద నిటారుగా, దగ్గరదగ్గరగా నిలబడి ఉంటేనే ఆ పని జరుగుతుంది. ముఖమల్ గుడ్డ మీద చెయ్యి అడ్డదిడ్డంగా రాస్తే నూగు పడుకుని రంగు మారినట్టే, రాపిడికీ ఉతుకుకూ ఈ తోకలు కూడా వంగిపోతాయి.

కాబట్టి పూత పనిచేయకపోవడానికి కారణాలు మూడు: తోకలు పడుకోవడం, వాటి మీద వేరే ఏదో పేరుకోవడం, పూతే అరిగి ఊడిపోవడం. పడుకున్నవాటిని వేడి లేపుతుంది. పేరుకున్నదాన్ని ఉతుకు తీసేస్తుంది. ఊడిపోయినదాన్ని మాత్రం కొత్తగా వేయాల్సిందే, రీప్రూఫింగ్ అనేది దాన్నే. మీకు సలహా ఇచ్చినవాళ్లలో ఒక్కొక్కరు ఒక్కో కారణాన్ని పట్టుకున్నారు, అంతే.

మన ఇళ్లలో ఎక్కువగా చూసేది రెండో కారణం. డిటర్జెంట్ ఉన్నదే నీటిని బట్టలోకి చొప్పించడానికి. దాని అణువుకు ఒక కొస జిడ్డును, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. జాడింపు చాలకపోతే ఆ అణువులు పూత మీదే ఉండిపోయి, వాన పడగానే బొట్టును లాగి పోగు మీద పరుస్తాయి. బట్టలు మెత్తగా, సువాసనగా ఉండాలని చివర వేసే కండిషనర్ ఇంకా చెడ్డది. అది బట్ట మీద నిలిచిపోవడానికే తయారైన ద్రవం. బోరు నీళ్లలో సబ్బు బిళ్లతో ఉతికితే మరో చిక్కు ఉంది. నీటిలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా బట్టకు పడుతుంది. నల్ల జాకెట్ ఆరాక బూడిదరంగు మచ్చలు కనిపిస్తే చాలావరకు అదే.

మెడ దగ్గర తడుస్తోందన్నారు. అక్కడ కారణం తలనూనె అయి ఉండాలి. రోజూ కొబ్బరినూనె రాసుకునే ఇళ్లలో నా దగ్గరికి వచ్చే ప్రతి జాకెట్ కాలరూ ఇదే కథ చెబుతుంది, కొత్త జాకెట్లు మరీ ఎక్కువ. దానికి ఒక వెనకటి సంగతి ఉంది.

పాతకాలం జాకెట్లకు ఫ్లోరిన్ ఆధారిత పూతలు వేసేవారు. ద్రవం ఒక ఉపరితలం మీద పరచుకుంటుందా, బొట్టుగా నిలుస్తుందా అన్నది ఆ రెండింటి తలతన్యతల తేడాను బట్టి ఉంటుంది. నీటి తలతన్యత మీటరుకు దాదాపు 72 మిల్లీన్యూటన్లు, వంటనూనెలది దాదాపు 30. ఫ్లోరిన్ పూత ఉన్న ఉపరితలం 20 కన్నా కిందే ఉంటుంది కాబట్టి దాని మీద నీళ్లే కాదు, నూనె కూడా పరచుకోదు. మైనం, సిలికాన్ ఆధారిత పూతలు అంత కిందికి దిగవు. నీటిని ఆపుతాయి, నూనెను మాత్రం పీల్చుకుంటాయి. అయితే ఆ ఫ్లోరిన్ రసాయనాలు నీటిలో, మట్టిలో, మనుషుల రక్తంలో ఏళ్ల తరబడి విరగకుండా ఉండిపోతాయని తేలింది. వాటిలో బాగా పేరుపడ్డ పీఎఫ్ఓఏను 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చారు. అమెరికాలోని కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి, ఫ్రాన్స్ 2026 జనవరి నుంచి ఈ కుటుంబం రసాయనాలున్న దుస్తులను, కొన్ని మినహాయింపులతో, అమ్మనివ్వడం లేదు. పెద్ద కంపెనీలు ఒకే సరుకును అన్ని దేశాలకూ పంపుతాయి కాబట్టి మన దగ్గర దొరికే మంచి జాకెట్లలో కూడా చాలావాటికి ఇప్పుడు ఫ్లోరిన్ లేని పూతే ఉంటోంది. ఈ మార్పు జరగాల్సిందే, నాకు అందులో సందేహం లేదు. కాకపోతే కొన్నవాళ్లకు ఒక మాట చెప్పి ఉండాల్సింది: ఈ కొత్త పూత నూనెకు, చెమటకు, సన్‌స్క్రీన్ క్రీముకు త్వరగా లొంగిపోతుంది, కాబట్టి పాతదానికన్నా తరచుగా శుభ్రం చేయాలి. ఉతికితే పాడైపోతుందని భయపడి బీరువాలో దాచుకునేవాళ్ల జాకెట్లే ముందు తడుస్తున్నాయి.

ఇక పనిలోకి వద్దాం.

ముందు పరీక్ష. ల్యాబులో దీనికి ఒక ప్రామాణిక పద్ధతి ఉంది. బట్టను బిగించి 45 డిగ్రీల వాలుగా పెట్టి, 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జల్లెడ లాంటి నాజిల్ ద్వారా 250 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తారు. తర్వాత ఒకసారి తట్టి, తడిసిన తీరును బొమ్మలతో పోల్చి మార్కులు వేస్తారు. ఏమీ తడవకపోతే 100, బొట్లు పడిన చోట్లే తడిస్తే 80, పై ముఖమంతా తడిస్తే 50. కొనుగోలుదారులు తరచుగా అడిగేది 20 ఉతుకుల తర్వాత కూడా 80 రావాలని. ఇంట్లో ఇంత హంగు అక్కరలేదు. స్టీలు పళ్లేన్ని వాలుగా ఆనించి, దాని మీద జాకెట్‌లో ఒక్కో భాగం పరిచి, చేతివేళ్ల సందుల్లోంచి ఒక గ్లాసు నీళ్లు పోయండి. దులపండి. బట్ట రంగు ముదిరిందంటే అక్కడ పూత పనిచేయడం లేదు. వీపు, ఛాతీ, భుజాలు, మెడ, మోచేతులు విడివిడిగా చూసి రాసుకోండి, ఎందుకంటే అన్నీ ఒకేలా ఉండవు.

తర్వాత లోపలి పొరను చూడాలి. తడుస్తున్న భాగాన్ని దొప్పలా పట్టుకుని రెండు మూడు చెంచాల నీళ్లు పోసి, కింద పొడి టిష్యూ కాగితం ఆనించి పది నిమిషాలు ఆగండి. కాగితం పొడిగా ఉంటే పొర బాగానే ఉంది, పోయింది పై పూతే. కాగితం తడిస్తే ఏ స్ప్రే కూడా ఆ జాకెట్‌ను కాపాడదు. ఈ పరీక్ష చేయకుండా జాకెట్ కారుతోందని నిర్ణయించుకోకండి. పై బట్ట నీళ్లు తాగితే దాని గుండా చెమట ఆవిరి బయటికి పోలేదు. పైగా చల్లబడ్డ బట్ట మీద ఆవిరి లోపలే నీరై చొక్కాను తడుపుతుంది. వాన లోపలికి వచ్చిందనే అనిపిస్తుంది గానీ ఆ నీళ్లు మనవే.

ఉతకడం. ఉతికే ముందు జాకెట్‌ను సబ్బు ఏమీ లేని నీళ్ల బకెట్‌లో ముంచి చేత్తో పిసకండి. నురుగు వస్తే అది పాత ఉతుకుల్లో మిగిలిపోయిన డిటర్జెంట్. నా దుకాణానికి వచ్చేవాటిలో నురుగు రానిది అరుదు. నురుగు ఆగేదాకా నీళ్లు మార్చి జాడిస్తే కొన్ని జాకెట్లకు సగం రోగం అక్కడే కుదురుతుంది.

తర్వాత ఇలాంటి బట్టల కోసం అమ్మే ద్రవ సబ్బు వాడాలి. నిక్‌వాక్స్, గ్రేంజర్స్ లాంటి కంపెనీలవి ఆన్‌లైన్‌లో, ట్రెక్కింగ్ దుకాణాల్లో దొరుకుతాయి. మోతాదు సీసా మీద ఉంటుంది. సబ్బు రకం ద్రవమైతే ఉప్పునీళ్ల ఊళ్లలో కాస్త ఎక్కువ పడుతుంది, వీలైతే మంచినీళ్లతో ఉతకండి. అది దొరకకపోతే రంగు, వాసన, కండిషనర్ లేని మామూలు ద్రవ డిటర్జెంట్‌ను చాలా కొద్దిగా వేసి, జాడింపు రెట్టింపు చేయండి. పొడి డిటర్జెంట్ వద్దు, పూర్తిగా కరగని రేణువులు నేతలో చిక్కుకుంటాయి. జిప్పులు, వెల్క్రో పట్టీలు మూసి, గోరువెచ్చని నీటిలో, 30 లేదా 40 డిగ్రీలకు మించకుండా ఉతకాలి. మెషీన్‌లో అయితే సున్నితమైన ఉతుకు, తక్కువ స్పిన్. దానికి ముందు డిటర్జెంట్ వేసే అరను కడగడం మరవకండి. కాలర్ జిడ్డుకు ముందుగా రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి వేళ్లతో మెల్లగా రుద్ది, ఆ చోటును బాగా కడిగేశాకే మిగతా ఉతుకు మొదలుపెట్టాలి. బ్రష్ పెట్టకండి, బండకు బాదకండి, మెలిపెట్టి పిండకండి. పూతను నిజంగా ఊడగొట్టేవి అవే. ‘ఉతికితే పోతుంది’ అన్న మాట అలా ఉతికినప్పుడే నిజమవుతుంది.

వేడి. విదేశాల్లో ఉన్నవాళ్లు డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద ఇరవై నిమిషాలు తిప్పుతారు. మనకు ఇస్త్రీపెట్టె చాలు. జాకెట్ పూర్తిగా ఆరాక లోపలి లేబుల్ చూడండి. ఇస్త్రీ గుర్తులో ఒక చుక్క ఉంటే 110 డిగ్రీల దాకా, రెండు చుక్కలుంటే 150 దాకా తట్టుకుంటుంది. గుర్తు మీద అడ్డగీత ఉంటే ఇస్త్రీ వద్దు, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త దూరం నుంచి వేడి చేయండి. ఇస్త్రీ చేయవచ్చని ఉంటే ఆవిరి ఆపేసి, పైన పలుచని నూలుగుడ్డ పరిచి, ఒకేచోట ఆపకుండా నెమ్మదిగా జరపండి. ముద్రించిన లోగోలు, రాత్రి మెరిసే పట్టీల మీదికి పోకండి. కుట్ల టేపుల మీద అదిమిపెట్టకండి, వాటి జిగురు వేడికి కరిగేదే. ఎండలో ఆరేస్తే చాలదా అని అడుగుతారు. ఆరడానికి చాలు, తోకలను లేపడానికి ఆ వేడి సరిపోదు. రోజుల తరబడి ఎండలో వదిలేస్తే నైలాన్‌కు అదనంగా నష్టం.

ఇప్పుడు మళ్లీ పళ్లెం పరీక్ష చేయండి. వీపు, చేతులు చాలావరకు తేరుకుంటాయి. ఇంకా తడిసే చోట్లకే స్ప్రే అవసరం.

రీప్రూఫింగ్. రెండు రకాల మందులు ఉన్నాయి. ఒకటి ఉతుకు నీళ్లలో కలిపేది, ఇంకొకటి పైన కొట్టేది. నీళ్లలో కలిపేది సమంగా పడుతుంది గానీ లోపలివైపు కూడా పడుతుంది. మీ జాకెట్ లోపల చెమట పీల్చే మెత్తటి అస్తరు ఉంటే దానికి నీటిని వద్దనే పూత వేయడం తెలివితక్కువ పని. పైగా మీకు తడుస్తున్నది భుజాలు, మెడే కదా, కొట్టేదే నయం. చాలా నీటి ఆధారిత స్ప్రేలను శుభ్రంగా ఉతికిన తడి జాకెట్ మీదే కొట్టాలి, సీసా మీద ఒకసారి చూసుకోండి. హ్యాంగర్‌కు తగిలించి, డాబా మీదో వరండాలోనో, 15 సెంటీమీటర్ల దూరం నుంచి సమంగా కొట్టండి. భుజం కుట్టు చుట్టూ, కాలర్ మడత లోపల, టోపీ అంచున ఇంకోసారి. రెండు నిమిషాలు ఆగి, కారుతున్న మిగులును తడిగుడ్డతో అద్ది తీసేయండి. తీయకపోతే ఆరాక తెల్లటి చారికలు పడతాయి. కొన్ని మందులు గాలికి ఆరితే చాలు, కొన్నింటికి తర్వాత వేడి తప్పనిసరి. మీ సీసా ఏ రకమో చూడకుండా వదిలేస్తే సగం ఫలితమే వస్తుంది.

ఒక జాగ్రత్త. గ్యాస్‌తో వచ్చే ఏరోసోల్ డబ్బాలను మూసిన గదిలో కొట్టకండి. ఆ సన్నటి తుంపర్లు ఊపిరితిత్తుల లోపలికి వెళ్లి మనుషులు ఆసుపత్రి పాలైన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు. బట్టకు పట్టే పూత అక్కడా పట్టాలనే చూస్తుంది. పిల్లలు దగ్గర లేనప్పుడు, ఆరుబయట, గాలికి వీపు పెట్టి కొట్టండి.

మీ జాకెట్ లాంటిదే ఒకటి గత వానాకాలం నా దగ్గరికి వచ్చింది. రోజూ ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బైకు మీద ఆఫీసుకు వెళ్లే కుర్రాడిది, నీలం నైలాన్ జాకెట్. పోయిందని చెప్పి కొత్తది ఏది కొనాలో అడగడానికి వచ్చాడు. పళ్లెం పరీక్షలో ముందు భాగం, చేతులు మచ్చలుమచ్చలుగా తడిశాయి, భుజాలు, కాలర్ పూర్తిగా నల్లబడ్డాయి. టిష్యూ పరీక్షలో భుజం కింద కాగితం పొడిగానే ఉంది, కాబట్టి పొర బతికే ఉంది. వట్టి నీళ్లలో ముంచితే కండిషనర్ వాసనతో నురుగు తేలింది. నురుగు పోయేదాకా జాడించి, కాలర్ జిడ్డు తీసి, ద్రవ సబ్బుతో ఉతికి, ఆరాక ఒక చుక్క వేడి మీద గుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. ముందు భాగం, చేతులు పూర్తిగా తేరుకున్నాయి, అంటే అక్కడ పూత ఎప్పుడూ పోలేదు, మరుగున పడింది. కాలర్ సగం తేరుకుంది. భుజాల మీద మాత్రం బ్యాగు పట్టీల వెడల్పున రెండు చారలు మిగిలాయి, గీత గీసినట్టు. పట్టీ రాపిడికి అక్కడ పూత అరిగిపోయింది. భుజాలకూ కాలర్‌కూ మాత్రమే స్ప్రే కొట్టి మళ్లీ వేడి పట్టించాక చారలు పోయాయి. అతనికి ఒక మాట ముందే చెప్పి పంపాను: పట్టీల కింద ఈ పూత ఎక్కువ కాలం నిలవదు. మిల్లు వేసినంత గట్టిగా ఇంటి స్ప్రే పట్టదు, పైగా పట్టీ బరువుకు నీళ్లు పోగుల సందుల్లోకి నొక్కుకుపోతాయి. వానాకాలం మధ్యలో భుజాలకు ఇంకోసారి కొట్టుకోవాల్సిందే.

ఇక మీ అమ్మాయి బ్యాగు. సాధారణంగా స్కూలు బ్యాగులు లావు పోగుల పాలియెస్టర్‌తో చేస్తారు. బట్ట వెనకవైపు, అంటే బ్యాగు లోపలివైపు, పాలీయురేథేన్ పూతో పీవీసీ పొరో ఉంటుంది. బయట నీళ్లు జారే పూత నామమాత్రమే. బ్యాగు లోపలి అస్తరు పక్కకు తీసి, అస్తరు లేకపోతే నేరుగా, బట్ట వెనకవైపు మీద సెల్లోటేపు ముక్క గట్టిగా అతికించి లాగండి. టేపుకు పొట్టులాగా పొరలు అంటుకుని వచ్చాయా? చెయ్యి పెడితే జిగటగా ఉందా? అడుగున పుస్తకాల అట్టలకు తెల్లటి పొడి అంటుకుంటోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ పూత పని అయిపోయింది. పాలీయురేథేన్‌లో కొన్ని రకాలు తేమ, వేడి కలిసి తగిలితే నీటితో చర్య జరిగి లోపలినుంచే విరిగిపోతాయి. తడి బ్యాగును అలాగే మడిచి అటక మీద పడేస్తే మన వేసవిలో జరిగేది అదే. సెలవుల ముందు రాత్రంతా సర్ఫు నీళ్లలో నానబెట్టి బ్రష్‌తో తోమడం దాన్ని ఇంకా తొందరపెడుతుంది. బయట కొట్టే స్ప్రే ఈ లోపలి పొరను తిరిగి తేలేదు. ఊడుతున్నదంతా గీకి కొత్త పూత పూయడం సాధ్యమే, గుడారాలకు అలా చేస్తారు. స్కూలు బ్యాగుకు ఆ శ్రమ, ఖర్చు గిట్టుబాటు కావు.

టేపు శుభ్రంగా వస్తే బట్ట బాగుందన్నమాట. అప్పుడు నీళ్లు కుట్ల దగ్గర, జిప్ దగ్గర వస్తున్నాయి. దీన్ని కళ్లారా చూడవచ్చు. బ్యాగు ఖాళీ చేసి లోపల పాత న్యూస్‌పేపర్లు నింపి, జిప్ మూసి, షవర్ కింద ఐదు నిమిషాలు ఉంచి తీయండి. పేపర్లు ఏ వైపు తడిశాయో చూడండి. పై భాగం తడిస్తే జిప్. వీపు పక్క పైమూలలు తడిస్తే భుజం పట్టీలు కుట్టిన చోటు. అక్కడ పట్టీ లోపలి స్పాంజి నీళ్లు తాగి, కుట్టు దారం వెంట బొట్టుబొట్టుగా లోపలికి దింపుతుంది. అడుగు తడిస్తే అడుగు కుట్టు. బ్యాగును తడి నేల మీద పెట్టినప్పుడు పుస్తకాల బరువుతో అడుగు కుట్టు రంధ్రాల గుండా నీళ్లు పైకి నొక్కుకొస్తాయి.

జాకెట్‌కు ఉన్నట్టు స్కూలు బ్యాగుల కుట్లకు టేపు ఉండదు. ప్రతి సూది రంధ్రం ఒక చిన్న దారి. దానికి మందు సీమ్ సీలర్ అనే జిగురు. పాలీయురేథేన్ పూత ఉన్న బట్టకు పాలీయురేథేన్ రకం సీలరే కొనండి, సిలికాన్ రకం దానికి సరిగ్గా పట్టక కొన్నాళ్లకు తోలులా ఊడి వస్తుంది. బ్యాగును తిరగేసి, కుట్ల మీద దుమ్ము స్పిరిట్ గుడ్డతో తుడిచి, సన్నటి బ్రష్‌తో దారం, రంధ్రాలు మునిగేలా పలుచగా పూసి, రాత్రంతా ఆరనివ్వండి. పట్టీల మూలలు, అడుగు కుట్టు చాలు, బ్యాగు మొత్తం పూయనక్కరలేదు. జిప్‌కు మాత్రం ఇంట్లో చేయగలిగింది లేదు. మామూలు జిప్ పళ్ల మధ్య నుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి. రబ్బరు పొర అతికించిన జిప్ ఉన్న బ్యాగులలో కూడా వంపుల దగ్గర ఆ పొర మొదట పగులుతుంది.

అందుకే బ్యాగు తీసుకొచ్చే తల్లిదండ్రులకు నేను ముందు చెప్పేది సాగే అంచున్న రెయిన్ కవర్ కొనమని. జిప్‌ను, పై కుట్లను ఒకేసారి కప్పేస్తుంది. అది కప్పనిది వీపు పక్క ఒక్కటే, అటునుంచి పట్టీల వెంట దిగే నీటికి పైన చెప్పిన సీలర్ ఉంది. లోపల పుస్తకాలకు మందపాటి ప్లాస్టిక్ సంచి ఒకటి ఉంటే చాలు, సాయంత్రం కవర్‌ను విడిగా ఆరబెట్టండి. తడి కవర్‌ను బ్యాగు అడుగు జేబులోకి తోసేసి మరుసటి వానకు తీస్తే దానికీ అదే జిగట, అదే పొట్టు.

ఇళ్లలో చేసే చిట్కాల గురించి కూడా అడుగుతారు. కొవ్వొత్తి రుద్దడం, పటిక, సబ్బు నీళ్లలో ఒకదాని తర్వాత ఒకటి ముంచడం నూలు కాన్వాస్ బ్యాగుల మీద నిజంగా పనిచేస్తాయి. పటికలోని అల్యూమినియం సబ్బుతో కలిసి నీటిలో కరగని మైనపు పదార్థంగా నూలుపోగులో కూర్చుంటుంది. నున్నటి నైలాన్, పాలియెస్టర్ పోగులకు అది సరిగ్గా పట్టదు. ఊపిరాడే పొర ఉన్న జాకెట్ మీద కొవ్వొత్తి రుద్దారంటే బట్ట సందులు పూడి చెమట లోపలే ఉండిపోతుంది, దాన్ని వదిలించడం స్ప్రే కొట్టడం కన్నా పదింతల పని. రోడ్డు పక్క అమ్మే పీవీసీ రెయిన్‌కోటుకైతే ఇవేవీ అక్కరలేదు. అది మొత్తం ప్లాస్టిక్ రేకే, చిరిగితేనో మడతల దగ్గర పగిలితేనో తప్ప కారదు.

మీరు టిష్యూ పరీక్ష, టేపు పరీక్ష చేసి ఫలితం ఇక్కడ రాయండి. జాకెట్ లేబుల్ మీద బట్ట పేరు, ఇస్త్రీ గుర్తులో చుక్కలెన్నో కూడా చెప్పండి. టిష్యూ తడిసిందంటే స్ప్రేకు పెట్టాలనుకున్న డబ్బును కొత్త జాకెట్‌లో కలపండి.